రోజుకో గుడ్డు: పచ్చసొనలోని కొలెస్ట్రాల్ రక్తంలోకి ఎంత చేరుతుంది?

రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ కొంత ఎక్కువగా కనిపించగానే అనేక ఇళ్లలో ముందుగా పళ్లెం నుంచి తప్పుకొనేది గుడ్డులోని పచ్చసొన. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. పెద్ద గుడ్డు ఒకదానిలో సుమారు 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది; అదంతా పచ్చసొనలోనిదే. అయితే తిన్న కొలెస్ట్రాల్ తిన్నంతగా రక్తంలో పేరుకుంటుందన్న నమ్మకం మాత్రం సరైనది కాదు.

భయం ఎలా మొదలైంది?

1913లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ అనిచ్కోవ్ కుందేళ్లకు కొలెస్ట్రాల్ తినిపించి, వాటి ధమనుల గోడల్లో కొవ్వు పేరుకోవడాన్ని చూపారు. కానీ కుందేలు శాకాహార జంతువు. ఆహారంలో ఒక్కసారిగా పెరిగిన కొలెస్ట్రాల్‌ను సర్దుబాటు చేసుకునే శక్తి మనిషికి ఉన్నంతగా దానికి లేదు. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్‌ను, వారానికి మూడు పచ్చసొనలను గరిష్ఠ పరిమితిగా సూచించింది. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల 2015–2020 సంచిక ఈ 300 అంకెను తొలగించింది. ఎంత తిన్నా ఫర్వాలేదని దాని అర్థం కాదు; కొలెస్ట్రాల్‌ను వీలైనంత తక్కువగానే తీసుకోవాలని అదే పత్రం పేర్కొంది.

శరీరం చేసే సర్దుబాటు

మన శరీరంలోని కొలెస్ట్రాల్‌లో అధిక భాగం కాలేయం, ఇతర కణజాలాలు తయారుచేసుకున్నదే. ఆహారం ద్వారా ఎక్కువగా అందినప్పుడు పేగు తక్కువ గ్రహిస్తుంది, శరీరం సొంత ఉత్పత్తిని తగ్గించుకుంటుంది, కాలేయం మిగులును పిత్తామ్లాలుగా మార్చి బయటకు పంపుతుంది.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణను 1991లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రెడ్ కెర్న్ ప్రచురించారు. 88 ఏళ్ల వృద్ధుడొకరు ఏళ్ల తరబడి రోజూ దాదాపు 25 గుడ్లు తింటున్నా ఆయన రక్తంలో కొలెస్ట్రాల్ సాధారణ స్థాయిలోనే ఉంది. పరీక్షించగా, తిన్న కొలెస్ట్రాల్‌లో 18 శాతాన్ని మాత్రమే ఆయన శరీరం గ్రహిస్తోందని, పిత్తామ్లాల ఉత్పత్తి బాగా పెరిగిందని తేలింది. ఇది యంత్రాంగాన్ని వివరించే ఉదాహరణే తప్ప అందరికీ వర్తించే కొలమానం కాదు.

సగటు మనిషి విషయమేమిటి? నియంత్రిత ప్రయోగాల సమీక్ష ప్రకారం, రోజువారీ ఆహారంలో 100 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ పెరిగితే రక్తంలో మొత్తం కొలెస్ట్రాల్ డెసిలీటరుకు సుమారు 2.2 మిల్లీగ్రాములు పెరుగుతుంది. అంటే 190 ఉన్న వ్యక్తి రోజుకో గుడ్డు అదనంగా తింటే అది 194కు చేరవచ్చు. కొందరిలో ఈ పెరుగుదల ఇంతకంటే స్పష్టంగా ఉంటుంది.

గుడ్డు కంటే దాని తోడు ముఖ్యం

కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, ప్రత్యేక గ్రాహకాల ద్వారా లాగివేస్తుంది. సంతృప్త కొవ్వు ఈ గ్రాహకాల పనిని మందగింపజేస్తుంది. ఒక గుడ్డులో సంతృప్త కొవ్వు సుమారు ఒకటిన్నర గ్రాములు. ఒక పెద్ద చెంచా వెన్నలో దాదాపు ఏడు గ్రాములు. కనుక ఉడికించిన గుడ్డూ, వెన్నలో వేయించిన ఆమ్లెట్టూ రక్తంపై ఒకే ప్రభావం చూపవు.

పరిశోధనల ఫలితాలు పరస్పర విరుద్ధంగా కనిపించడానికి ఒక కారణం కూడా ఇదే. 2019లో జామా పత్రికలో వచ్చిన, దాదాపు 30 వేల మంది అమెరికన్ల అధ్యయనం గుడ్లు ఎక్కువగా తినేవారిలో గుండె జబ్బుల ముప్పు కొంత అధికమని పేర్కొంది. మరుసటి ఏడాది బీఎంజేలో ప్రచురితమైన విశ్లేషణకు మాత్రం రోజుకు ఒక గుడ్డు వరకు తినడానికీ ఆ ముప్పుకూ సంబంధం కనిపించలేదు. ఇవి పరిశీలనాత్మక అధ్యయనాలు. గుడ్డు ప్రభావాన్ని దానితోపాటు తినే ఆహారం నుంచి, మిగతా అలవాట్ల నుంచి పూర్తిగా వేరుచేయలేవు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 నాటి సూచనలో, ఆరోగ్యవంతులు సమతుల ఆహారంలో భాగంగా రోజుకో గుడ్డు తినవచ్చని తెలిపింది.

ఎవరు జాగ్రత్త పడాలి?

వంశపారంపర్యంగా ఎల్‌డీఎల్ చాలా ఎక్కువగా ఉండేవారికి ఈ వెసులుబాటు వర్తించదు. మధుమేహులలో గుడ్లకూ గుండె ముప్పుకూ సంబంధాన్ని కొన్ని అధ్యయనాలు గుర్తించాయి. వీరు వైద్యుని సలహా మేరకే పరిమాణాన్ని నిర్ణయించుకోవాలి.

మిగతావారు తమ శరీర స్పందనను పరీక్షతో తెలుసుకోవచ్చు. లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుని, ఇతర ఆహారాన్నీ మందులనూ మార్చకుండా రోజుకో గుడ్డు తిని, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత అదే ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించుకోవాలి. ఆహారంలో మార్పేమీ లేకున్నా ఈ విలువలు కొద్దిగా అటూఇటూ అవుతాయి. అందువల్ల నాలుగైదు అంకెల తేడాను బట్టి నిర్ణయానికి రాకూడదు. ఎల్‌డీఎల్ స్పష్టంగా పెరిగితే పచ్చసొనలు తగ్గించాలి. పెరగకుంటే వాటిని పారవేయనక్కరలేదు: గుడ్డులోని మాంసకృత్తుల్లో నలభై శాతానికి పైగా, విటమిన్ ఎ, డి, కోలిన్ దాదాపు పూర్తిగా ఉండేది పచ్చసొనలోనే.