అప్పగింత నోట్ (సాఫ్ట్‌వేర్)

ఉద్యోగం మానేస్తున్న డెవలపర్ తన పనిని సహోద్యోగికి అప్పజెబుతూ రాసేది అప్పగింత నోట్. సగంలో ఉన్న పనులు, అడ్డంకులు, తేలని నిర్ణయాలు ఇందులో విడివిడిగా ఉంటాయి.

భద్రాచలం వద్ద గోదావరి మట్టం 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. వాటిని ముంపు గ్రామాలకు ఎస్సెమ్మెస్‌గా పంపే ప్రోగ్రామ్‌ను ఉదాహరణగా ఊహించవచ్చు. “పని 80 శాతం అయింది” అని రాస్తే కొత్తవారికి ఏమీ తెలియదు. “`flood-alert` బ్రాంచ్‌లో, మట్టం పెరిగితే మెసేజ్ వెళ్తోంది, తగ్గినప్పుడు వెళ్లాల్సిన ఉపసంహరణ మెసేజ్ ఇంకా రాయలేదు” అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

అడ్డంకి కింద ఎవరి నుంచి ఏం రావాలో, ఎప్పుడు అడిగారో రాస్తారు: ఇక్కడ మెసేజ్ నమూనాకు టెలికాం డీఎల్‌టీ ఆమోదం రావాలి. మట్టం 48 అడుగుల దగ్గర ఊగిసలాడితే ప్రతిసారీ మెసేజ్ పంపాలా, కాసేపు ఆగాలా అన్నది తేలని నిర్ణయం. తేల్చాల్సినవారెవరో కూడా రాస్తారు.

పాస్‌వర్డ్‌లు నోట్‌లో పెట్టరు. వెళ్లేవారి సొంత లాగిన్‌తో నడిచే క్రాన్ జాబ్ తరచూ మరుగున పడుతుంది; ఖాతా మూసిన రోజే అది ఆగిపోతుంది. అందుకే కొత్తవారు ఎవరినీ అడగకుండా, నోట్ చూసి ప్రోగ్రామ్ నడిపి చూస్తారు. ఎక్కడ ఆగితే అక్కడ నోట్‌లో లోటు ఉన్నట్టు.