గణిత ఆందోళన (ఉన్నత పాఠశాల విద్యార్థులలో)

లెక్క చేయాల్సి వచ్చినప్పుడు కలిగే భయం, గుండెదడ, ఆలోచన స్తంభించడాన్ని గణిత ఆందోళన అంటారు. దీన్ని కొలవడానికి రిచర్డ్‌సన్, సుయిన్ 1972లో 98 ప్రశ్నల మాపనిని రూపొందించారు. అప్పటివరకు జరిగిన అధ్యయనాలను 1990లో క్రోడీకరించిన హెంబ్రీ, ఇది 9, 10 తరగతుల ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుందని చూపాడు.

భయం లెక్కను ఎలా చెడగొడుతుందో ఆష్‌క్రాఫ్ట్, కర్క్ 2001లో కళాశాల విద్యార్థులపై పరీక్షించారు. కొన్ని అక్షరాలను గుర్తుంచుకుంటూ కూడికలు చేయమన్నారు. గుర్తుంచుకోవాల్సినవి ఎక్కువై, కూడికలో చేతి అంకె కూడా ఉన్నప్పుడు ఆందోళన గలవారి తప్పులు బాగా పెరిగాయి. అంకెలను పట్టి ఉంచాల్సిన తాత్కాలిక జ్ఞాపకంలో కొంత చోటును దిగులే ఆక్రమిస్తుందని వారి వివరణ.

3(x−4)=2x+5 తీసుకుందాం. కంగారులో విద్యార్థి 3x−4 అని రాసి x=9 తెస్తాడు; సరైన జవాబు 17. ఉపాధ్యాయుడు అదే లెక్కను గడియారం లేకుండా, ప్రతి మెట్టూ రాయిస్తూ మళ్లీ ఇవ్వాలి. అప్పుడు 3x−12 వస్తే అడ్డు ఒత్తిడే కావచ్చు. మళ్లీ 3x−4 వస్తే బ్రాకెట్ విప్పడమే రాలేదన్నమాట. దాన్ని ఓదార్పుతో సరిపెట్టకుండా తిరిగి నేర్పాలి. రెండూ కలిసే ఉండటం మామూలే, ఎందుకంటే రానితనం భయాన్ని, భయం తప్పించుకోవడాన్ని పెంచుతాయి.

పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ దిగులును కాగితంపై రాసిన 9వ తరగతి విద్యార్థుల్లో, పరీక్షాభయం ఎక్కువగా ఉన్నవారికి మార్కులు మెరుగయ్యాయని రామిరెజ్, బైలాక్ 2011లో చూపారు. అయితే అది జీవశాస్త్ర పరీక్ష. పైగా రాత భారాన్ని దించగలదే తప్ప, నేర్వని పాఠాన్ని నేర్పలేదు.