టీసీ యాడ నాయనా?

చంద్రగిరిలో ఎండ ఇంకా దిగలేదు. మీరు ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో, ఫీజు కౌంటర్ ముందు వరసలో నిలబడి ఉన్నారు. గోడ గడియారంలో నాలుగూ నలభై. ఐదింటికి రిపోర్టింగ్ ఆఖరు. పాకాల అవతల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. పాల డబ్బు, చీటీ డబ్బు కలిపి కట్టిన కట్ట లోపలి జేబులో బరువుగా తగులుతోంది.

పక్కన మీ అబ్బాయి. వాడి చంకలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఎంసెట్ సీటు కాగితం. 2021లోనే ఆ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది కానీ మీ నోటికి ఇంకా ఎంసెట్టే. సీటు వచ్చేసింది కదా, ఇంక తొందరేముంది అనుకున్నారు మొదట్లో. కానీ ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తే సరిపోదు. గడువులోగా కాలేజీకి కూడా వచ్చి కాగితాలు చూపించాలి. రెంటిలో ఏది తప్పినా సీటు పోతుంది.

మీ వంతు వచ్చింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఫైలు తిప్పుతోంది. ర్యాంకు కార్డు. టెన్త్ మార్కుల మెమో. ఇంటర్ మెమో. స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం. ఒక్కో కాగితం మీద వేలు ఆనించి పక్కకు జరుపుతోంది. చివర్లో వేలు ఆగింది.

"అన్నా, టీసీ జిరాక్సే ఉండాది. ఒరిజినల్ యాడ?"

మీరు కొడుకు వైపు తిరుగుతారు. వాడి ముఖం పాలిపోయింది.

"ఫైల్లోనే పెట్టినా నాయనా."

ఫైలు బల్ల మీద బోర్లిస్తారు. జిరాక్సులు మూడు సెట్లు. ఒరిజినల్ లేదు.

నాలుగూ నలభై మూడు.

మిగతావి జిరాక్సులతో సరిపెట్టి టీసీకే ఎందుకింత పట్టు? మెమోల్లాంటివి చూసి, సరిపోల్చి, తిరిగి ఇచ్చేస్తారు. టీసీ అలా కాదు. పిల్లవాడు పాత కాలేజీ నుంచి బయటికొచ్చాడని చెప్పే కాగితం అదే, కొత్త కాలేజీ దాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది. పోగొడితే డూప్లికేట్ కోసం పాత కాలేజీ చుట్టూ, బహుశా పోలీసు స్టేషన్ చుట్టూ కూడా తిరగాలి. పదిహేడు నిమిషాల్లో అయ్యే పని కాదు.

"రెండు దినాల్లో తెచ్చిస్తామని రాసిస్తే సరిపోదా తల్లీ?"

"పెద్ద సార్ ఒప్పుకోవాల. ఆయన మీటింగులో ఉండాడు."

ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో? నమ్మలేరు.

"ఒరేయ్, ఆఖర్న యాడ చూసినావు దాన్ని?"

వాడు కళ్లు మూసుకుంటాడు. "జిరాక్స్ షాపులో. ఆయప్ప ఒక్కోటీ అద్దం మీద పెడతా ఉండె. టీసీనే ఆఖరు."

మీకు అర్థమైంది. అన్ని కాగితాలకూ తరవాతి కాగితం పెట్టేటప్పుడు ముందుది చేతికొస్తుంది. ఆఖరి దానికి తరవాత ఏదీ లేదు. అది మూత కిందే ఉండిపోయింది.

షాపుకు ఫోన్ చేద్దామా? డబ్బులు క్యూఆర్ కోడ్‌కు కొట్టారు. ఫోన్‌లో షాపు పేరే ఉంది, నంబరు లేదు. పరుగెత్తాల్సిందే. ఎవరు? మీ మోకాలు సహకరించదు. వాణ్ని పంపుదామంటే కాగితాల మీద వాడి సంతకాలు కావాలి.

"ముందు సంతకాలన్నీ పెట్టు. ఆపైన పరుగెత్తు."

వాడు నిలబడే గీకుతాడు. నాలుగు చోట్ల. పెన్ను పడేసి ఉరుకుతాడు.

నాలుగూ నలభై ఎనిమిది. వెనకనుంచి ఎవరో గొణుగుతున్నారు. మీరు పక్కకు జరుగుతారు, బల్ల మాత్రం వదలరు. వరస మళ్లీ మొదట్నుంచీ నిలబడే టైం లేదు.

నాలుగూ యాభై ఒకటి. ఫోన్ మోగుతుంది.

"నాయనా, అద్దం మీద లేదు!"

గుండె జారుతుంది.

"షాపాయప్పను అడుగు!"

"టీకి పోయినాడంట."

"కూర్చోనుండే పిల్లోడిని అడుగు. మర్చిపోయిన కాగితాలు యాడ పెడతారో అడుగు!"

అట్టలు కదిలిన చప్పుడు. మాట లేదు. ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది.

"ఉండాది! డ్రాయర్లో ఉండాది!"

"రా. రా నాయనా."

యాభై నాలుగు. కౌంటర్ అమ్మాయి గడియారం చూస్తుంది. మీ వైపు చూడదు.

యాభై ఆరు. గుమ్మంలో చెప్పుల చప్పుడు. వాడే. చెమటతో తడిసిన చేతిలో, తడవకుండా పైకెత్తిపట్టిన కాగితం.

ఆమె ముద్ర చూస్తుంది. పేరు చూస్తుంది. పుట్టిన తేదీని టెన్త్ మెమోతో సరిపోలుస్తుంది. కీబోర్డు టకటకా. మీరు కట్ట విప్పి నోట్లు లెక్కపెడుతుంటే వేళ్లు వణుకుతున్నాయి. ప్రింటర్ గరగరమంటుంది.

రసీదు మీద టైం చూడండి: నాలుగూ యాభై ఎనిమిది. సీటు మీవాడిదే.

మీరు కూడా ఈ వరసలో నిలబడబోతుంటే ఒక మాట. జిరాక్స్ షాపులోంచి బయటికొచ్చే ముందు మెషిన్ మూత ఎత్తి చూసి, ఒరిజినళ్లు అక్కడే లెక్కపెట్టుకోండి.