జీరో కాస్ట్ కాలర్: ఉచిత రక్షణకు చెల్లించే మూల్యం

చేతిలోని షేర్లను విక్రయించకుండానే నష్టానికి పరిమితి విధించుకునే ఆప్షన్ల వ్యూహమే జీరో కాస్ట్ కాలర్. ఇందులో మదుపరి పుట్ ఆప్షన్ కొని, అదే గడువుకు కాల్ ఆప్షన్ విక్రయిస్తారు. కాల్‌పై వచ్చే ప్రీమియం పుట్ ఖర్చును భర్తీ చేస్తుంది.

ఉదాహరణకు, ఒక మదుపరి వద్ద రూ.1,000 ధర గల షేర్లు 500 ఉన్నాయనుకుందాం. లాట్ పరిమాణమూ అంతే. రూ.950 పుట్‌కు షేరుకు రూ.12 చొప్పున రూ.6,000 చెల్లించి, రూ.1,060 కాల్ విక్రయంతో అంతే మొత్తం పొందారు. గడువు ముగిసేనాటికి షేరు ఎంత పతనమైనా నష్టం రూ.25,000 దాటదు, ఎంత పెరిగినా లాభం రూ.30,000 మించదు. ధర రూ.1,150కి చేరితే రూ.45,000 అదనపు లాభం చేజారుతుంది. ఈ వ్యూహానికి అసలు ఖర్చు అదే.

రక్షణను రూ.980కి పెంచుకుంటే పుట్ ప్రీమియం రూ.20కి చేరిందనుకుందాం. దాన్ని రాబట్టేందుకు రూ.1,030 కాల్‌ను అమ్మాల్సి వస్తే, లాభానికి మిగిలే అవకాశం సగానికి తగ్గుతుంది.

బ్రోకరేజీ, పన్నులు అదనం. షేరు వేగంగా పెరిగితే విక్రయించిన కాల్‌కు మరింత మార్జిన్ చూపాలి. దేశంలో స్టాక్ ఆప్షన్ల పరిష్కారం షేర్ల బదిలీ ద్వారా జరుగుతుంది. అందువల్ల గడువు రోజున ధర రూ.1,060 దాటితే, కాల్‌ను ముందే తిరిగి కొననివారు షేర్లను ఆ ధరకే అప్పగించాలి. షేర్లను వదులుకోవడం ఇష్టంలేనివారు ఈ నిబంధనను ముందే గమనించాలి.