పూరించదగిన పీడీఎఫ్ ఫారం

హైటెక్ సిటీ కంపెనీల్లో చేరేవారు నింపే ఈపీఎఫ్ ఫారం 11ను అక్రోబాట్‌లో పూరించదగిన పీడీఎఫ్‌గా మలిచేటప్పుడు, గడి రూపం కన్నా దాని వెనకున్న పేరు, విలువలే ముఖ్యం. 12 అంకెల యూఏఎన్‌కు టెక్స్ట్ ఫీల్డ్ పెట్టి `Comb of 12 characters` ఎంచుకుంటే అంకెకో గడి వస్తుంది. కానీ 11 అంకెలే వేసినా అది ఊరుకుంటుంది, సరిచూడటానికి స్క్రిప్టు వేరే రాయాలి. గతంలో పీఎఫ్ సభ్యులా అన్న ప్రశ్నకు అవును, కాదు అనే రెండు చెక్‌బాక్సులకూ ఒకే పేరు, వేర్వేరు `Export Value` ఇవ్వాలి. పేర్లు వేరైతే రెండింటికీ టిక్ పెట్టేయవచ్చు. విలువలూ ఒకటే అయితే ఒకటి నొక్కగానే రెండోదీ పడుతుంది, ఇదే ఎక్కువమంది చేసే పొరపాటు. చోటు కలిసొస్తుంది కదా, అన్నిటికీ డ్రాప్‌డౌన్ పెట్టవచ్చనేవారున్నారు. వైవాహిక స్థితికి అది బాగానే ఉంటుంది, కానీ ఖాళీ ఫారాన్ని ముద్రించి పెన్నుతో నింపేవారికి జాబితాలోని ఎంపికలే కనబడవు.