క్వారంటైన్ టేబుల్

డేటా లోడింగులో తనిఖీకి నిలవని వరుసలను విడిగా ఉంచే పట్టిక. నెల్లూరు తీరంలోని రొయ్యల చెరువుల రోజువారీ రీడింగులను పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కిస్తున్నారనుకుందాం. కరిగిన ఆక్సిజన్ గడిలో ఎవరో `4.8` బదులు `4.8 ppm` అని కొడితే, అంకెలే పట్టే ఆ కాలమ్ దగ్గర `COPY` ఆగిపోతుంది. మిగతా చెరువుల వరుసలూ ఎక్కవు. 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లోని `ON_ERROR ignore` అలాంటి వరుసను దాటేస్తుంది గానీ ఎక్కడా దాచదు. అది చాలదు.

అందుకే ముందు అన్నిటినీ టెక్స్ట్‌గానే తాత్కాలిక పట్టికలోకి దించి, సరైనవాటిని అసలు పట్టికకు, మిగిలినవాటిని క్వారంటైన్‌కు పంపుతారు. అక్కడ వరుస వచ్చింది వచ్చినట్టే, ఫైలు పేరు, తిరస్కరణ కారణంతో సహా ఉండాలి. అసలు పట్టికలో చెరువు నంబరు, తేదీ కలిపి కీగా పెడితే, సవరించి మళ్లీ ఎక్కించినా రెండుసార్లు పడదు. క్వారంటైన్ ఒక్కసారిగా నిండిపోతే మాత్రం వరుసలను కాదు, ఫైలునే అనుమానించాలి. బహుశా కాలమ్‌లు పక్కకు జరిగి ఉంటాయి. అప్పుడు మొత్తం రన్‌ను ఆపేయడమే మేలు.