బృహత్ సంఖ్యల బలహీన నియమం: విస్తృతి హద్దుతో నిరూపణ

బృహత్ సంఖ్యల బలహీన నియమం సంభావ్యతా శాస్త్రంలో ఒక మౌలిక సిద్ధాంతం. ఒకే ప్రయోగాన్ని, ఒకసారి వచ్చిన ఫలితం మరోసారి దానిపై ప్రభావం చూపకుండా, చాలాసార్లు చేశామనుకుందాం. ఫలితాల సగటు అసలు మధ్యమానికి దూరంగా పడే సంభావ్యత, ప్రయోగాల సంఖ్య పెరిగేకొద్దీ సున్నా వైపు వెళుతుందని ఈ నియమం చెబుతుంది. దీన్ని మొదట నిరూపించినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన యాకోబ్ బెర్నూలీ. ఆయన 1705లో కన్నుమూశాక, 1713లో బాసెల్‌లో అచ్చయిన ‘ఆర్స్ కాంజెక్టాండి’ అనే లాటిన్ గ్రంథంలో ఆ నిరూపణ ఉంది. ద్విపద విస్తరణలోని పదాలను పోల్చుకుంటూ సాగే ఆ లెక్క చాలా పొడవు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో కనిపించేది వేరే దారి. ఫ్రాన్స్‌లో బీనెమే 1853లో, రష్యాలో చెబిషెవ్ 1867లో వేసిన ఆ దారి విస్తృతి అనే ఒక్క రాశి మీదే నడుస్తుంది, నాలుగైదు వరుసల్లో ముగుస్తుంది.

బెర్నూలీ తన గ్రంథంలో తీసుకున్న ఉదాహరణతోనే మొదలుపెట్టడం మంచిది. ఒక పాత్రలో 3,000 తెల్ల గులకరాళ్లు, 2,000 నల్ల గులకరాళ్లు ఉన్నాయి. చూడకుండా ఒక రాయి తీసి, రంగు రాసుకుని, మళ్లీ పాత్రలో వేసి కలిపి, ఇంకొకటి తీయాలి. తెల్లరాయి వస్తే 1, నల్లరాయి వస్తే 0 అని రాద్దాం. మొదటిసారి రాసిన అంకె X₁, రెండోసారిది X₂, ఇలా n సార్లు. వాటి మొత్తం Sₙ అయితే సగటు Mₙ = Sₙ/n. తీసిన రాళ్లలో తెల్లవాటి నిష్పత్తే ఈ సగటు. ఒక్కో X మధ్యమం μ = 0.6.

విస్తృతి అంటే మధ్యమం నుంచి ఉన్న దూరపు వర్గానికి మధ్యమం. ఇక్కడ 1 వస్తే దూరం 0.4, వర్గం 0.16. 0 వస్తే దూరం 0.6, వర్గం 0.36. మొదటిది 0.6 సంభావ్యతతో, రెండోది 0.4 సంభావ్యతతో వస్తాయి కాబట్టి

σ² = 0.6 × 0.16 + 0.4 × 0.36 = 0.24

నిరూపణలో రెండే మెట్లున్నాయి. మొదటిది చెబిషెవ్ అసమానత. ఒక చలరాశి విస్తృతి చిన్నదైతే అది మధ్యమానికి దూరంగా ఎక్కువసార్లు పోలేదన్నది దాని సారం. ఎందుకో చూద్దాం. Z అనే చలరాశి మధ్యమం m, విస్తృతి V అనుకోండి. V అంటే Z తీసుకోగల ప్రతి విలువ z కీ (z − m)² × P(Z = z) లెక్కకట్టి కూడిన మొత్తం. ఈ పదాల్లో ఏదీ రుణాత్మకం కాదు. కాబట్టి m నుంచి ε కంటే తక్కువ దూరంలో ఉన్న విలువల పదాలను తీసేస్తే మొత్తం పెరగదు. మిగిలిన పదాల్లో (z − m)² కనీసం ε² ఉంటుంది. ప్రతి చోటా దాని స్థానంలో ε² రాస్తే మొత్తం ఇంకా తగ్గవచ్చుగానీ పెరగదు. చివరికి మిగిలేది ε² ను ఆ సంభావ్యతల మొత్తంతో గుణించగా వచ్చేదే. అంటే V ≥ ε² × P(|Z − m| ≥ ε). అటూ ఇటూ భాగిస్తే

P(|Z − m| ≥ ε) ≤ V/ε²

ఇందులో Z ఎలాంటి చలరాశి అన్న ప్రశ్నే రాలేదు. విస్తృతి పరిమితమైతే చాలు. ఈ అసమానత బలం అక్కడే ఉంది, దాని బలహీనత కూడా అక్కడి నుంచే వస్తుంది.

రెండో మెట్టు సగటు విస్తృతి ఎంతో కనుక్కోవడం. రాళ్లు రెండే తీశామనుకుందాం. మొత్తం S₂ విలువ 0 కావడానికి సంభావ్యత 0.16, 1 కావడానికి 0.48, 2 కావడానికి 0.36. మధ్యమం 1.2. విస్తృతి 0.16 × 1.44 + 0.48 × 0.04 + 0.36 × 0.64 = 0.48. ఇది సరిగ్గా 0.24 కు రెట్టింపు. యాదృచ్ఛికంగా కుదిరింది కాదు. Y₁ = X₁ − μ, Y₂ = X₂ − μ అని రాస్తే

(Y₁ + Y₂)² = Y₁² + Y₂² + 2Y₁Y₂

ఒక్కో వర్గం మధ్యమం σ². చివరి పదం సంగతే అసలు సంగతి. రెండు ఫలితాలూ స్వతంత్రాలు కాబట్టి Y₁Y₂ మధ్యమం, Y₁ మధ్యమాన్ని Y₂ మధ్యమంతో గుణించినదే అవుతుంది. ఆ రెండూ సున్నాలే. n రాళ్లు తీసినప్పుడు n వర్గాలు, n(n − 1) జంట లబ్ధాలు వస్తాయి. లబ్ధాలన్నీ సున్నా అయిపోయి nσ² మాత్రమే మిగులుతుంది. సగటు కోసం మొత్తాన్ని n తో భాగిస్తాం. విస్తృతిలో దూరం వర్గంగా ఉంది కాబట్టి అది n² తో భాగించబడుతుంది. కనుక Mₙ విస్తృతి nσ²/n², అంటే σ²/n.

పైన n, కింద n². నియమం పనిచేయడానికి కారణం ఈ తేడాయే. ఇప్పుడు చెబిషెవ్ అసమానతలో Z స్థానంలో Mₙ పెడితే

P(|Mₙ − μ| ≥ ε) ≤ σ²/(nε²)

ε ఎంత చిన్నదైనా సరే, దాన్ని ముందే నిర్ణయించి కదలకుండా ఉంచితే, n పెరిగేకొద్దీ కుడివైపు సున్నాకు చేరుతుంది. నిరూపణ పూర్తయింది.

ε ను ముందే నిర్ణయించాలన్న మాటను కొత్తవారు తేలిగ్గా దాటేస్తారు. n తో పాటు ε ను కూడా 1/√n చొప్పున తగ్గిస్తూ పోతే కుడివైపు ఎప్పటికీ σ² దగ్గరే నిలిచిపోతుంది, ఏదీ సున్నాకు పోదు. ఇంకో పొరపాటు అంతకంటే తరచుగా కనిపిస్తుంది. సగటు μ కు దగ్గరవుతోందంటే తెల్లరాళ్ల లెక్క కూడా 0.6n కు దగ్గరవుతోందనుకోవడం. మొత్తం విస్తృతి nσ² కదా, అది పెరుగుతూనే ఉంటుంది. 100 రాళ్లు తీస్తే తెల్లరాళ్ల లెక్కకు ప్రామాణిక విచలనం √24, సుమారు 4.9. 10,000 తీస్తే √2400, సుమారు 49. లెక్కలో తేడా పదింతలైంది. నిష్పత్తిలో మాత్రం 0.049 నుంచి 0.0049 కు దిగింది. వరసగా నల్లరాళ్లు వచ్చాయి కాబట్టి ఇక తెల్లవి వచ్చి లోటు పూడుస్తాయనే నమ్మకానికి ఈ నియమంలో ఆధారం లేదు. లోటును పూడ్చే శక్తి ఏదీ లేదు. n పెద్దదవుతుంటే ఆ లోటు దాని ముందు చిన్నదవుతుంది, అంతే.

ఇక ఈ హద్దు ఎంత పదునైనదో చూడాలి. బెర్నూలీ వేసుకున్న ప్రశ్న ఇది: తెల్లరాళ్ల నిష్పత్తి 29/50 కూ 31/50 కూ మధ్య పడే అవకాశం, బయట పడే అవకాశానికి వెయ్యి రెట్లు ఉండాలంటే ఎన్ని రాళ్లు తీయాలి? ఆయన లెక్కలో 25,550 చాలని తేలింది. మన హద్దుతో చేద్దాం. ε = 1/50 = 0.02, ε² = 0.0004. కుడివైపు 0.24/(0.0004 × n), అంటే 600/n. బయట పడే సంభావ్యత 1/1001 దాటకూడదు కాబట్టి n కనీసం 6,00,600 కావాలి. బెర్నూలీ సంఖ్యకు ఇది ఇరవై మూడు రెట్లకు పైనే. పోనీ ఆయన చెప్పిన 25,550 నే పెట్టి చూస్తే మన హద్దు ఇచ్చేది 600/25,550, సుమారు 2.3 శాతం. ఆయన హామీ ఇచ్చింది శాతంలో పదో వంతు. ప్రసామాన్య విభాజనంతో అంచనా వేస్తే దాదాపు 6,500 రాళ్లే సరిపోతాయి. ఇక n 600 కు మించకపోతే మన హద్దు 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ అవుతుంది. సంభావ్యత ఎటూ 1 దాటదు కాబట్టి అప్పుడు అది చెప్పేదేమీ ఉండదు.

ఇంత నష్టం ఎక్కడ జరిగిందో నిరూపణలోనే కనిపిస్తుంది. మొదటి మెట్టులో దగ్గరి విలువల పదాలను పూర్తిగా వదిలేశాం, దూరపు విలువల వర్గాలన్నిటినీ ε² కు కుదించాం. చలరాశి సరిగ్గా మధ్యమం మీదో, సరిగ్గా ε దూరంలోనో తప్ప ఇంకెక్కడా పడకపోతేనే ఈ రెండింటి వల్లా నష్టం ఉండదు. Mₙ అలాంటిది కాదు, అది μ చుట్టూ గుమిగూడి దూరం పోయేకొద్దీ చాలా వేగంగా పలచబడుతుంది. కాబట్టి నియమాన్ని నిరూపించడానికి చెబిషెవ్ హద్దు చాలు. ఎన్ని రాళ్లు తీయాలో తేల్చడానికి మాత్రం దాన్ని వాడకూడదు.

స్వతంత్రత లేకపోతే ఏమవుతుందో చూడటానికి రెండు పాత్రలు తీసుకుందాం. ఒకదాంట్లో తెల్లరాళ్లు 80 శాతం, రెండోదాంట్లో 40 శాతం. నాణెం ఎగరేసి ఒక పాత్ర ఎంచుకుని, n రాళ్లూ దాంట్లోంచే తీస్తాం, ప్రతిసారీ తిరిగి వేస్తాం. ఏ ఒక్క రాయిని చూసినా అది తెల్లది కావడానికి సంభావ్యత 0.6, విస్తృతి 0.24. పైపైన చూస్తే అంతా బెర్నూలీ పాత్రలాగే ఉంది. అయినా మొదటి రాయి తెల్లదైతే మన చేతికి తెల్లవి ఎక్కువున్న పాత్ర వచ్చి ఉండే అవకాశం పెరుగుతుంది, దాంతో రెండోది కూడా తెల్లదయ్యే అవకాశం పెరుగుతుంది. Y₁Y₂ మధ్యమం ఇక్కడ సున్నా కాదు, 0.04. ఇలాంటి లబ్ధాలు n(n − 1) ఉన్నాయి. వాటిని n² తో భాగించినా అవి కరిగిపోవు. లెక్క వేస్తే Mₙ విస్తృతి 0.04 + 0.20/n వస్తుంది. n ఎంత పెరిగినా అది 0.04 కిందికి దిగదు. సగటు 0.8 దగ్గరికో 0.4 దగ్గరికో పోతుంది, 0.6 దగ్గరికి రాదు. సర్వేల్లో ఒకే ఊరివాళ్లను, ఒకే ఇంటివాళ్లను ఎక్కువగా అడిగినప్పుడు జరిగేది ఇదే. అడిగినవాళ్ల సంఖ్య పెంచినంత మాత్రాన లోపం పోదు.

నిరూపణను మళ్లీ చదివితే పూర్తి స్వతంత్రతను ఎక్కడా వాడలేదని కూడా తెలుస్తుంది. జంట లబ్ధాల మధ్యమాలు సున్నా అయితే చాలు. సున్నా కాకపోయినా వాటి మొత్తం n² కంటే నెమ్మదిగా పెరిగితే చాలు.

విస్తృతి అనంతమైన చలరాశులకు ఈ నిరూపణ పనికిరాదు, ఎందుకంటే కుడివైపు రాయడానికి సంఖ్యే ఉండదు. వాటిలో కొన్నింటికి నియమమే తప్పుతుంది. కోషీ విభాజనం నుంచి స్వతంత్రంగా వచ్చిన n విలువల సగటు, ఒక్క విలువలాగే కోషీ విభాజనాన్ని పాటిస్తుంది, కాబట్టి ఎన్ని కలిపినా అది ఎక్కడా స్థిరపడదు. ఆ విభాజనానికి మధ్యమమే లేదు. మధ్యమం పరిమితంగా ఉండి, విస్తృతి మాత్రమే అనంతమైతే కథ వేరు. ఒకే విభాజనం గల స్వతంత్ర చలరాశులకు పరిమిత మధ్యమం ఒక్కటి ఉంటే బలహీన నియమం నిలుస్తుందని ఖించిన్ 1929లో చూపాడు. దాన్ని నిరూపించే పద్ధతుల్లో ఒకటి, మరీ పెద్ద విలువలను ఒక హద్దు దగ్గర కోసేసి, మిగిలినవాటికి పైన చూసిన విస్తృతి హద్దునే వాడడం.